ఫ్లాట్ ఇవ్వడం లేటైతే బిల్డర్ నుంచి కట్టిన డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడిగే ఉత్తరం ఎలా రాయాలి?

మా బావగారు హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్లాట్ బుక్ చేశారు. ధర ₹72 లక్షలు. 2023 డిసెంబర్ 31కి తాళాలు ఇస్తామన్నారు. 2024 సెప్టెంబర్ వచ్చినా లిఫ్ట్ గుంత నీళ్ళతో నిండి ఉంది, పైనాలుగు అంతస్తులకి గోడలు లేవు. విసుగొచ్చి ఒక రాత్రి బిల్డర్ ఆఫీసుకి రెండు లైన్ల మెయిల్ కొట్టారు: "దయచేసి నా బుకింగ్ క్యాన్సిల్ చేసి, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వగలరు."

మర్నాడు పదిన్నరకల్లా జవాబు వచ్చింది. ఏడాదిగా ఏ ప్రశ్నకీ అంత త్వరగా బదులివ్వని ఆఫీసు అది. "మీ క్యాన్సిలేషన్ అభ్యర్థన అందింది. అగ్రిమెంట్ ప్రకారం మొత్తం ధరలో 10 శాతం మినహాయించి, మిగిలింది వడ్డీ లేకుండా చెల్లిస్తాం. జత చేసిన ఫారం సంతకం చేసి పంపండి." అంటే ₹7,20,000 పోయినట్టే. తప్పు బిల్డర్‌ది, కోత మా బావగారికి.

ఆ కోతకి కారణం ఒక్క మాట, "క్యాన్సిల్". ఆ మాట తీసేసి సరైన మాట పెట్టడం దగ్గరే ఈ ఉత్తరం మొదలవుతుంది.

"క్యాన్సిల్" వేరు, "వైదొలగడం" వేరు

ఏ అగ్రిమెంట్ తీసుకున్నా కొనేవాడు తనంతట తాను బుకింగ్ రద్దు చేసుకుంటే ఏం జరుగుతుందో ఒక క్లాజు ఉంటుంది. బిల్డర్ తప్పేమీ లేదు, కొనేవాడికే మనసు మారింది లేదా డబ్బు సర్దుబాటు కాలేదు అనే సందర్భానికి రాసుకున్న క్లాజు అది. కట్టిన డబ్బులోంచి కోసుకునే హక్కు అక్కడే ఉంటుంది. మీరు "క్యాన్సిల్ చేయండి" అని రాయగానే బిల్డర్ మనుషులు మిమ్మల్ని ఆ గదిలోకి నెట్టేస్తారు.

మీది ఆ గది కాదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016, అంటే అందరూ రెరా అనే చట్టంలో సెక్షన్ 18(1) ఉంది. అగ్రిమెంట్‌లో రాసిన తేదీకి బిల్డర్ ఫ్లాట్ పూర్తిచేసి ఇవ్వలేకపోతే, కొనేవాడు ప్రాజెక్టు నుంచి వైదొలగాలనుకుంటే, అడిగిన వెంటనే కట్టిన డబ్బంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఇందులో కోత అనే మాటే లేదు. కొనేవాడు ప్రాజెక్టులోనే ఉంటానంటే, ఫ్లాట్ చేతికిచ్చేదాకా ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ ఇవ్వాలని కూడా అక్కడే ఉంది.

ఈ రెండిట్లో ఏది కావాలో ఉత్తరానికి ముందే తేల్చుకోండి. "ఫ్లాట్ అయినా ఇవ్వండి, డబ్బయినా ఇవ్వండి" అని రాస్తే ఏదీ అడిగినట్టు కాదు. బిల్డర్ "డిసెంబర్‌కి ఇస్తాం సార్" అని ఒక లైను రాసి పడేస్తాడు.

ఇప్పటికే క్యాన్సిల్ అని రాసేసి ఉంటే కంగారు పడక్కర్లేదు, కానీ ఆ ఫారం మీద మాత్రం సంతకం పెట్టకండి. వెంటనే ఇంకో మెయిల్ పంపండి: "ఫలానా తేదీ మెయిల్ నా ఇష్టంతో చేసిన రద్దు కాదు. మీరు ఒప్పుకున్న తేదీకి ఫ్లాట్ ఇవ్వకపోవడం వల్ల రాసినది. దాన్ని సెక్షన్ 18(1) కింద రీఫండ్ డిమాండ్‌గానే చూడాలి. కోతకి నేను ఒప్పుకోవడం లేదు." మా బావగారి చేత ఆ మధ్యాహ్నమే ఇది పంపించాను.

మొదటి పని: తేదీ పట్టుకోవడం

ఉత్తరమంతా నిలబడేది ఒక తేదీ మీద. బ్రోషర్‌లో ఉన్నదీ, సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో చెప్పినదీ కాదు. రిజిస్టరైన అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో పొజెషన్ క్లాజు తెరిచి చూడండి. తేదీ పక్కనే చాలాసార్లు గ్రేస్ పీరియడ్ అని ఆరు నెలలు కలిపి ఉంటుంది. మా బావగారి అగ్రిమెంట్‌లోనూ ఉంది, కాబట్టి అసలు గడువు 2024 జూన్ 30. గ్రేస్ అయిపోకముందే రాస్తే "ఇంకా గడువుంది" అని తిప్పికొడతారు. ఆ కాలం దాటాకే రాయండి, ఆ సంగతి ఉత్తరంలో మీరే చెప్పండి. దాచారని వాళ్ళు ఎత్తిచూపే అవకాశం ఉండదు.

తర్వాత rera.telangana.gov.in లో మీ ప్రాజెక్టు పేజీ తెరిచి ఆ రోజు కనిపించేదంతా పీడీఎఫ్‌గా దాచుకోండి. అక్కడ ప్రాజెక్టు పూర్తికావాల్సిన తేదీ ఉంటుంది. అది మీ అగ్రిమెంట్ తేదీ తర్వాతికి జరిగి ఉంటే బిల్డర్ దాన్నే చూపిస్తాడు: "రెరా వాళ్ళే 2025 దాకా టైమిచ్చారు కదండీ" అని. రెరా దగ్గర తీసుకున్న పొడిగింపు రిజిస్ట్రేషన్‌కి సంబంధించింది. మీతో చేసుకున్న అగ్రిమెంట్‌లో తేదీ దానివల్ల తిరగరాయబడదు. 2017 డిసెంబర్‌లో నీల్‌కమల్ కేసులో బాంబే హైకోర్టు ఆలస్యాన్ని అగ్రిమెంట్‌లో ఉన్న తేదీ నుంచే లెక్కించాలని చెప్పింది. పొడిగింపు పత్రం మీద మీరు విడిగా సంతకం పెట్టి ఉంటే మాత్రం కథ మారుతుంది. "అసోసియేషన్ మీటింగ్ అటెండెన్స్" అంటూ పెట్టించుకున్న సంతకాలు ఒకసారి గుర్తు చేసుకోండి.

"చేతికందని కారణాలు" అనే వాదన కూడా ముందే చూసుకోవాలి. చట్టంలో సెక్షన్ 6 దీనికి ఒక జాబితా ఇచ్చింది: యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ఇంకా ప్రాజెక్టు పనిని అడ్డుకునే ప్రకృతి విపత్తులు. కూలీలు దొరకలేదు, ఇసుక ధర పెరిగింది, బ్యాంకు ఫండింగ్ ఆగింది అన్నవి అందులో లేవు. పైగా 2021 నవంబర్ 11న న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు, తేదీ దాటితే రీఫండ్ అడిగే హక్కుకి షరతుల్లేవనీ, కోర్టు స్టేలూ అనుకోని ఘటనలూ అడ్డురావనీ చెప్పింది. ఉత్తరంలో ఈ ఒక్క తీర్పు పేరు చాలు. పది తీర్పులు పేరిస్తే వకీలు దగ్గర కాపీ కొట్టించారనుకుంటారు.

అవతలి వైపు బలం కూడా చెప్పాలి. మీరు రాయకముందే బిల్డర్‌కి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, వచ్చి పొజెషన్ తీసుకోమని లెటర్ పంపి ఉంటే మీ రీఫండ్ వాదన బలహీనపడుతుంది. 2021 జనవరిలో ఐరియో గ్రేస్ కేసులో సుప్రీంకోర్టు కొనుగోలుదారుల్ని రెండు గుంపులుగా చూసింది. ఓసీ వచ్చిన టవర్లవాళ్ళని ఆలస్యానికి పరిహారం తీసుకుని ఫ్లాట్లు తీసుకోమంది. ఓసీ రాని టవర్లవాళ్ళకి రీఫండ్ ఇప్పించింది. అది వినియోగదారుల కమిషన్ నుంచి వెళ్ళిన కేసే అయినా బిల్డర్లు దాన్ని రెరాలోనూ చూపిస్తారు. కాబట్టి వెళ్ళిపోవాలనే నిర్ణయం అయ్యాక నెలలు నానబెట్టకండి. ఓసీ లేకుండా "ఫిట్ అవుట్స్ కోసం పొజెషన్", అంటే లోపలి పనులు చేయించుకోవడానికి తాళం అని వచ్చే లెటర్ మాత్రం పొజెషన్ కాదు. తాళం తీసుకోకండి.

రెండో పని: లెక్క

చాలామంది "వడ్డీతో సహా ఇవ్వగలరు" అని వదిలేస్తారు. అంకె లేని డిమాండ్‌కి అంకె ఉన్న జవాబు రాదు.

రేటు: తెలంగాణ రెరా రూల్స్, 2017లో రూల్ 15 ప్రకారం స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అత్యధిక ఎంసీఎల్ఆర్‌కి 2 శాతం కలిపితే వచ్చేది. ఎంసీఎల్ఆర్ అంటే బ్యాంకు తన అప్పుల వడ్డీకి ఆధారంగా పెట్టుకునే రేటు. ఓవర్‌నైట్, నెల, ఏడాది, మూడేళ్ళు అని కాలవ్యవధిని బట్టి రకరకాలుగా ఉంటుంది, వాటిలో ఎక్కువున్నది తీసుకోవాలి. ఎస్‌బీఐ వెబ్‌సైట్‌లో పట్టిక ఉంటుంది. మీరు ఉత్తరం రాసే రోజు రేటు ప్రింట్ తీసి జత చేయండి. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ రెండూ కలిపి 11 శాతం అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాజెక్టు ఉన్నవాళ్ళు ఆ రాష్ట్ర రూల్స్‌లో రేటు చూసుకుని మిగతాదంతా ఇలాగే చేయొచ్చు.

అగ్రిమెంట్‌లో "చదరపు అడుగుకి నెలకి ₹5 పరిహారం" లాంటిది రాసి ఉంటే దాన్ని చూసి ఆగిపోకండి. మీరు కట్టడం లేటైతే 18 శాతం, వాళ్ళు ఇవ్వడం లేటైతే ఐదు రూపాయలు అనే ఏకపక్షపు షరతులకి కొనేవాడు కట్టుబడనక్కర్లేదని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెరా చట్టం కూడా ఇద్దరికీ ఒకటే రేటు అంటుంది.

ఎప్పటి నుంచి? అసలు డబ్బంతా తేడా వచ్చేది ఇక్కడే. సెక్షన్ 2లో "వడ్డీ" అనే మాటకి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, రీఫండ్ విషయంలో బిల్డర్ ఏ రోజు డబ్బు తీసుకున్నాడో ఆ రోజు నుంచి తిరిగి ఇచ్చే రోజు దాకా వడ్డీ నడుస్తుంది. పొజెషన్ తేదీ దాటిన రోజు నుంచి కాదు. బిల్డర్ల అకౌంట్స్ వాళ్ళు పొరపాటునో కావాలనో ఎప్పుడూ రెండోదే లెక్కేస్తారు.

మా బావగారి లెక్క ఇది. ఉత్తరం తేదీ 2024 అక్టోబర్ 1, బారువడ్డీ.

- 12-08-2021న బుకింగ్ ₹2,00,000. 1,146 రోజులు. వడ్డీ ₹69,074
- 20-09-2021న అగ్రిమెంట్ రిజిస్టరయ్యాక ₹12,00,000. 1,107 రోజులు. వడ్డీ ₹4,00,340
- 15-03-2022న ₹15,00,000. 931 రోజులు. వడ్డీ ₹4,20,863
- 10-01-2023న ₹11,00,000. 630 రోజులు. వడ్డీ ₹2,08,849

అసలు ₹40,00,000. వడ్డీ ₹10,99,126. మొత్తం ₹50,99,126. ఆ తర్వాత ప్రతి రోజూ ₹1,205 చొప్పున పెరుగుతూ ఉంటుంది. ఇదే లెక్క గ్రేస్ ముగిసిన 2024 జూన్ 30 నుంచి వేస్తే 93 రోజులకి ₹1,12,110 మాత్రమే వస్తుంది. చూశారుగా, ప్రారంభ తేదీ ఒక్కటి మార్చితే పది లక్షలు తేడా.

ఎక్సెల్‌లో ఏ కాలమ్‌లో కట్టిన తేదీ, బీ కాలమ్‌లో మొత్తం, E1లో ఉత్తరం తేదీ, E2లో రేటు 11% అని శాతం గుర్తుతో పెట్టి, వడ్డీ కాలమ్‌లో ఇది రాసి కిందికి లాగితే చాలు:

```
=ROUND(B2*$E$2*($E$1-A2)/365,0)
```

తేదీలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు వెళ్ళిన రోజువి వేయండి. బిల్డర్ రసీదు ఒక్కోసారి వారం తర్వాతి తేదీతో ఉంటుంది.

మొత్తంలో రెండు అంకెలు మర్చిపోతుంటారు. ఒకటి జీఎస్టీ. అది ప్రభుత్వానికి వెళ్ళిపోయిందని బిల్డర్ అంటాడు, కానీ మీ జేబులోంచి అతని చేతికే వెళ్ళింది, కాబట్టి కలిపే అడగండి. రెండోది టీడీఎస్. ₹50 లక్షలు ఆపైన ధర ఉన్న ఫ్లాట్‌కి ప్రతి వాయిదాలోనూ 1 శాతం మీరే పట్టుకుని బిల్డర్ పాన్ మీద జమ చేస్తారు. అది అతని పన్ను లెక్కలోకి వెళ్ళింది, అంటే అతనికి కట్టినట్టే. కానీ బిల్డర్ లెడ్జర్‌లో ఒక్కోసారి కనపడదు. మా బావగారి విషయంలో పైన చెప్పిన ₹40 లక్షల్లో జీఎస్టీ ఉంది, సుమారు ₹38,000 టీడీఎస్ కూడా ఉంది. బిల్డర్ పంపిన లెడ్జర్‌లో ఆ ₹38,000 లేదు. చలాన్లు జత చేశాక కలిపాడు.

అద్దె, మానసిక వేదన, ఇంటీరియర్స్‌కి ఇచ్చిన అడ్వాన్స్ లాంటివి ఈ లెక్కలో కలపకండి. అవి పరిహారం కిందికి వస్తాయి, దాన్ని తేల్చేది వేరే అధికారి. "పరిహారం అడిగే హక్కు వదులుకోవడం లేదు" అని ఒక వాక్యం పెడితే సరిపోతుంది.

మూడో పని: ఉత్తరం

ఒకటిన్నర పేజీ దాటకూడదు. మా అక్క మొదట రాసిన డ్రాఫ్ట్ నాలుగు పేజీలు. సైట్ ఇంజినీరు అవమానించిన సంగతి, పిల్లల స్కూలు మారిన సంగతి, అన్నీ ఉన్నాయి. నిజమే, బాధే. కానీ బిల్డర్ లాయర్ ఆ నాలుగు పేజీల్లో తనకి పనికొచ్చే ఒక వాక్యం వెతుక్కుంటాడు. "ఈ మధ్య మాకు డబ్బు ఇబ్బంది కూడా ఉంది" అన్న వాక్యం అలాంటిదే. దాన్ని చూపించి "వీళ్ళు డబ్బుల్లేక వెళ్ళిపోతున్నారు, మా ఆలస్యం వల్ల కాదు" అంటాడు. తీసేయించాను.

ఉత్తరం ఎవరి పేరు మీద రాయాలో అగ్రిమెంట్ మొదటి పేజీ చెబుతుంది. బ్రాండ్ పేరు వేరు, అగ్రిమెంట్ చేసిన కంపెనీ పేరు వేరు కావడం మామూలే. ఆ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి, మేనేజింగ్ డైరెక్టర్ లేదా భాగస్వాముల హోదాకి రాయండి. స్థలం యజమానులు కూడా అగ్రిమెంట్‌లో సంతకం పెట్టి ఉంటే వాళ్ళకీ ఒక కాపీ. మీ వైపు అగ్రిమెంట్‌లో ఎంతమంది పేర్లున్నాయో అంతమందీ సంతకం పెట్టాలి. భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉంటే ఒక్కరి సంతకంతో పంపిన ఉత్తరాన్ని పక్కన పెట్టేస్తారు.

మేం పంపింది దాదాపు ఇలా ఉంది. వాళ్ళ లాయర్లకి సులువుగా ఉంటుందని ఇంగ్లీషులో పంపాం, విషయం ఇదే:

> తేదీ: 01-10-2024
>
> విషయం: ఫ్లాట్ నం. ___, ___ ప్రాజెక్టు, రెరా రిజిస్ట్రేషన్ నం. ___. రెరా చట్టం సెక్షన్ 18(1) కింద ప్రాజెక్టు నుంచి వైదొలగడం, కట్టిన మొత్తాన్ని వడ్డీతో తిరిగి చెల్లించమని డిమాండ్.
>
> 1. ___ తేదీన రిజిస్టరైన అగ్రిమెంట్ ఆఫ్ సేల్, డాక్యుమెంట్ నం. ___ ద్వారా పై ఫ్లాట్‌ను ₹72,00,000కి మాకు అమ్మడానికి ఒప్పుకున్నారు. క్లాజు ___ ప్రకారం 31-12-2023లోగా, ఆరు నెలల గ్రేస్ కలుపుకున్నా 30-06-2024లోగా పొజెషన్ ఇవ్వాలి.
>
> 2. ఈ రోజు వరకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాలేదు, పొజెషన్ ఇవ్వలేదు. 22-09-2024న సైట్‌లో తీసిన ఫొటోలు జత చేశాం.
>
> 3. మీరు అడిగిన ప్రతి వాయిదా చెల్లించాం. మొత్తం ₹40,00,000. తేదీలవారీ పట్టిక, రసీదులు, టీడీఎస్ చలాన్లు జత చేశాం. మా వైపు బాకీ లేదు.
>
> 4. మీ ఆలస్యం కారణంగా సెక్షన్ 18(1) కింద ఈ ప్రాజెక్టు నుంచి వైదొలగుతున్నాం. ఇది మా అంతట మేము చేసుకున్న రద్దు కాదు. క్లాజు ___లోని కోత దీనికి వర్తించదు.
>
> 5. అసలు ₹40,00,000, ఈ రోజు వరకు వడ్డీ ₹10,99,126, మొత్తం ₹50,99,126, దానిపై చెల్లించే రోజు దాకా రోజుకి ₹1,205 చొప్పున, అగ్రిమెంట్‌లోని 45 రోజుల గడువు ప్రకారం 15-11-2024లోగా చెల్లించాలి. బ్యాంకు రుణం భాగాన్ని ___ బ్యాంకు లోన్ ఖాతాకి, మిగతాది కింది ఖాతాకి పంపాలి.
>
> 6. ఈ తేదీ తర్వాత వాయిదాల డిమాండ్లు మాకు వర్తించవు. మొత్తం డబ్బు అందేవరకు ఫ్లాట్‌పై మా హక్కు కొనసాగుతుంది. దాన్ని మరెవరికీ అమ్మకూడదు.
>
> 7. చెల్లించకపోతే తెలంగాణ రెరాకి ఫిర్యాదు చేస్తాం. పరిహారం కోరే హక్కును వదులుకోవడం లేదు.

నాలుగో పేరా ఈ ఉత్తరానికి వెన్నెముక. మూడో పేరాలో "బాకీ లేదు" అనేది నిజమైతేనే రాయండి. ఒక వాయిదా మీరు ఆపి ఉంటే, ఎందుకు ఆపారో సూటిగా చెప్పండి: "ఎనిమిదో శ్లాబు పడకముందే ఎనిమిదో శ్లాబు డిమాండ్ పంపారు, అందుకని ఆపాం" అని, ఆ నెల ఫొటోతో. ఏమీ చెప్పకుండా ఆపినవాళ్ళకే ఇబ్బంది ఎక్కువ. వాళ్ళ మీదికి డీఫాల్ట్ నోటీసు వస్తుంది, ముందు తప్పింది ఎవరన్న వాదన మొదలవుతుంది.

గడువు విషయంలో మీ అగ్రిమెంట్‌లో ఎన్ని రోజులుంటే అన్నే ఇవ్వండి, 45 కావచ్చు, 90 కావచ్చు. కోపంగా "ఏడు రోజుల్లో" అని రాస్తే వచ్చే లాభమేమీ లేదు.

లోన్ ఉన్నవాళ్ళు బ్యాంకుకి కూడా కాపీ పంపి, మిగిలిన విడత బిల్డర్‌కి విడుదల చేయొద్దని రాతపూర్వకంగా చెప్పండి. బ్యాంకు, బిల్డర్, మీరు కలిసి చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం రీఫండ్ ముందు బ్యాంకుకే వెళ్తుంది. ఈఎంఐ మాత్రం ఆపకండి. బిల్డర్ మీద కోపంతో ఈఎంఐ ఆపితే మునిగేది మీ సిబిల్ స్కోరే.

పంపడం

అక్నాలెడ్జ్‌మెంట్ ఉన్న స్పీడ్ పోస్ట్‌లో రిజిస్టర్డ్ ఆఫీసుకి ఒకటి, సైట్ దగ్గర అమ్మకాల ఆఫీసుకి ఒకటి. అదే రోజు పీడీఎఫ్ మెయిల్‌లో, అగ్రిమెంట్‌లో ఇచ్చిన మెయిల్ అడ్రసుకి. వాట్సాప్‌లో కూడా వేయొచ్చు, అది అదనం మాత్రమే. ట్రాకింగ్ పేజీ డెలివరీ అయిన రోజే ప్రింట్ తీసుకోండి, కొన్నాళ్ళకి అది కనిపించదు. కవరు "తీసుకోలేదు" అని వెనక్కి వస్తే విప్పకండి, అలాగే దాచండి. సరైన అడ్రసుకి పంపి, తీసుకోనన్న ఉత్తరం అందినట్టే లెక్క. చేతికిచ్చి రిసీవ్డ్ ముద్ర వేయించుకుందామని వెళితే మీటింగ్ రూములో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మాటల్లో పెడతారు. అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా రండి.

జవాబులు వచ్చే తీరు

ఎక్కువగా వచ్చేది మౌనం. గడువు అయ్యాక ఒక్క గుర్తుచేసే మెయిల్ చాలు.

మా బావగారికి వచ్చింది ఫోన్. కస్టమర్ల వ్యవహారాలు చూసే సీఆర్ఎం మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు: "సార్, మీ ఫ్లాట్‌కి ఇంకో కస్టమర్ దొరకగానే మొత్తం క్లియర్ చేసేస్తాం. మీరు ముందు క్యాన్సిలేషన్ డీడ్ చేసిస్తే అమ్మడం ఈజీ అవుతుంది." ఇది అన్నిటికంటే ప్రమాదమైన జవాబు. వాళ్ళు ఇంకొకరికి అమ్ముకోవడానికీ మీకు ఇవ్వాల్సిన డబ్బుకీ చట్టంలో ముడి లేదు. డీడ్ ముందే ఇచ్చేస్తే మీ చేతిలో అగ్రిమెంటూ ఉండదు, డబ్బూ ఉండదు. ఆ ఫోన్ పెట్టేయగానే మెయిల్ రాయించాను: "ఈ రోజు నాలుగింటికి ఫోన్‌లో మీరు ఇలా చెప్పారు. దీనికి మేము ఒప్పుకోవడం లేదు. డబ్బు, డీడ్ ఒకేసారి." ఫోన్‌లో అన్న మాట ఇలా మెయిల్‌లోకి ఎక్కాక ఆ గొంతులో తీయదనం తగ్గింది.

ఇంకో టవర్‌లో ఫ్లాట్ ఇస్తామనడం, వడ్డీ వదులుకుంటే నెలలో అసలు ఇస్తామనడం కూడా ఉంటాయి. వడ్డీలో కొంత తగ్గించుకుని త్వరగా బయటపడటం తప్పు కాదు. నా మట్టుకు నేను పదకొండు లక్షల్లో మూడు లక్షలు వదిలి మూడు నెలల్లో తేలిపోతుందంటే ఒప్పుకుంటాను. కానీ తగ్గింపు ఒప్పందంలో "ఫలానా తేదీకి మొత్తం చేరకపోతే ఈ తగ్గింపు చెల్లదు, అసలు డిమాండ్ మొత్తం నిలబడుతుంది" అనే వాక్యం లేకపోతే సంతకం వద్దు.

పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇస్తామంటే తీసుకోవచ్చు, ప్రతి చెక్కు మీద తేదీ, కంపెనీ పేరు సరిచూసుకోండి. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. "ఈ వారం వేయకండి సార్" అని ఫోన్లు వస్తూ ఆ మూడు నెలలూ గడిచిపోతాయి. బౌన్సైతే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక వాళ్ళకి 15 రోజులు ఉంటాయి. ఈ తేదీలు తప్పితే చెక్ బౌన్స్ కేసు వేసే దారి మూసుకుపోతుంది.

గడువు దాటితే

ఉత్తరం, పోస్టు రుజువు, లెక్క పట్టిక, అగ్రిమెంట్, ప్రాజెక్టు పేజీ ప్రింట్ ఒక ఫైలులో ఉన్నాయంటే ఫిర్యాదు సగం తయారైనట్టే. తెలంగాణలో రీఫండ్, వడ్డీ కోసం అథారిటీకి ఫారం ఎం, పరిహారం కోసం అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కి ఫారం ఎన్. ఆర్డరు వచ్చాక కూడా బిల్డర్ కట్టకపోతే సెక్షన్ 40 కింద భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయించొచ్చు. ఆ దశకి నెలలు పడుతుంది, ఆస్తులు అమ్మేసుకున్న కంపెనీ దగ్గర ఏమీ దొరక్కపోవచ్చు కూడా. అందుకే ఉత్తరం దశలో వచ్చిన సెటిల్‌మెంట్‌ని పంతంతో తోసేయొద్దంటాను.

ప్రీ లాంచ్‌లో రెరా నంబరు లేకుండా, అగ్రిమెంట్ కూడా లేకుండా డబ్బు కట్టినవాళ్ళ పరిస్థితి వేరు. వాళ్ళకి పట్టుకోవడానికి పొజెషన్ తేదీయే ఉండదు. ఈ ఉత్తరాన్ని అలాగే వాడకుండా ముందు వకీలుని కలవాలి.

డబ్బు చేతికొచ్చే రోజు

రిజిస్టరైన అగ్రిమెంట్‌ని రద్దు చేయాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో క్యాన్సిలేషన్ డీడ్ రాయించాలి. డీడ్‌లో ఎంత డబ్బు, ఏ డీడీ ద్వారా, లేదా ఆన్‌లైన్ బదిలీకి బ్యాంకు ఇచ్చే ఏ యూటీఆర్ నంబరు ద్వారా అందిందో రాసి ఉండాలి. "పార్టీల మధ్య లెక్కలు తేలిపోయాయి" అన్న ఒక్క లైనుతో సరిపెట్టనివ్వకండి. రద్దుకి కారణం "కొనుగోలుదారు కోరిక మేరకు" అని వాళ్ళ రైటర్ మామూలుగా టైపు చేసేస్తాడు. మా బావగారి డీడ్‌లోనూ అదే వచ్చింది. సంతకానికి ముందు కొట్టేయించి "పొజెషన్ ఆలస్యం కారణంగా" అని రాయించాం. వడ్డీ మీద టీడీఎస్ కోసుకుంటే దాని సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఆ వడ్డీ మీ రిటర్న్‌లో ఆదాయంగా చూపించాలి. డీడీ మీ బ్యాంకుకి చూపించి అసలైనదేనని నిర్ధారించుకున్నాక, లేదా ఆన్‌లైన్‌లో పంపితే ఖాతాలో పడిన మెసేజ్ చూశాక, అప్పుడు వేలిముద్ర వేయండి. అసలు అగ్రిమెంట్ కాపీ, రసీదులు ఆ తర్వాతే వాళ్ళ చేతికివ్వండి.